డైహైడ్రోజాస్మోన్ రెట్రోసింథసిస్: ఒక విద్యార్థిని జవాబు, మొదటి కోత నుంచి చివరి దారి దాకా

నేపథ్యం

ఎమ్మెస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీ విద్యార్థులకు సింథసిస్ పేపర్ చెబుతాను. ఇక్కడ రాస్తున్నది ఒక విద్యార్థిని అసైన్‌మెంట్ గురించి. ఎవరో గుర్తుపట్టే వివరాలు తీసేశాను. మెకానిజంలో ఆమె గట్టిది. ఏ రియాక్షన్ ఇచ్చినా బాణాలు సరిగ్గా వేసి ఉత్పత్తి ఏమిటో చెప్పేది. అదే ఉత్పత్తిని ఇచ్చి "దీన్ని దేని నుంచి చేస్తావు?" అని అడిగితే మాత్రం ఆగిపోయేది. ఇలాంటి విద్యార్థులు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. వాళ్లకు రియాక్షన్లు తెలియక కాదు; వెనక్కి నడిచేటప్పుడు ఏ ప్రశ్న ముందు వేసుకోవాలో తెలియదు.

ప్రశ్న చిన్నదే. ఎనిమిది కార్బన్లకు మించని ప్రారంభ పదార్థాల నుంచి డైహైడ్రోజాస్మోన్ తయారీకి దారి చూపాలి, ప్రతి కోతకూ కారణం రాయాలి. డైహైడ్రోజాస్మోన్ సుగంధ ద్రవ్యాల్లో వాడే కీటోన్. మల్లె జాతి పూల నూనెలో సహజంగా ఉండే సిస్-జాస్మోన్‌కు ఇది దగ్గరి చుట్టం. పక్క గొలుసులో ద్విబంధం లేకపోవడమే తేడా. ఫార్ములా C11H18O. ఐదు కార్బన్ల వలయం, 1వ స్థానంలో కార్బొనిల్, 2-3 మధ్య ద్విబంధం, 2వ కార్బన్ మీద పెంటైల్, 3వ కార్బన్ మీద మిథైల్. ఫార్ములా నుంచి అసంతృప్తత లెక్కేస్తే మూడు వస్తుంది: వలయం ఒకటి, C=C ఒకటి, C=O ఒకటి. అంటే కనపడకుండా దాక్కున్నది ఏమీ లేదు.

మొదటి జవాబు: పెంటైల్ గొలుసును తెంపడం

ఆమె మొదట వలయానికీ పెంటైల్ గొలుసుకూ మధ్య ఉన్న బంధాన్ని కోసింది. అలా కోస్తే 3-మిథైల్‌సైక్లోపెంట్-2-ఈనోన్, 1-బ్రోమోపెంటేన్ మిగులుతాయి. కాగితం మీద చూడటానికి ముచ్చటగా ఉంది, రెండూ చిన్న అణువులే. పక్కన "బేస్, ఆల్కిలేషన్" అని రాసింది.

ఇక్కడ ఆమెను ఒక్కటే అడిగాను: ఆ ఈనోన్‌లో బేస్ ఏ ప్రోటాన్‌ను తీస్తుంది? 2వ కార్బన్ మీదున్నది వినైల్ హైడ్రోజన్. దాన్ని బేస్ ముట్టుకోదు. ఎల్‌డీఏ లాంటి బలమైన బేస్‌ను చల్లగా వాడితే కార్బొనిల్‌కు అవతలి పక్కనున్న 5వ కార్బన్ ప్రోటాన్ పోతుంది, పెంటైల్ అక్కడికి చేరుతుంది. సమతాస్థితి వచ్చేలా వేడిగా నడిపితే 3వ కార్బన్ వైపున్న ప్రోటాన్ పోయి పొడవైన డైఈనోలేట్ వస్తుంది. అది 2వ కార్బన్ దగ్గర ఆల్కిలేషన్ అవగలదు కూడా. కానీ అలా వచ్చిన ఉత్పత్తిలో ద్విబంధం పక్కకు జరిగి ఉంటుంది, 2వ కార్బన్ మీద మిగిలిన ప్రోటాన్ మొదటిదాని కంటే ఆమ్లత్వం ఎక్కువున్నది. రెండో పెంటైల్ కూడా ఎక్కేస్తుంది. ఈ దారికి మరమ్మతులు లేకపోలేదు గానీ, మరమ్మతు అవసరమైన కోతను మొదటి కోతగా పెట్టుకోనక్కర్లేదు.

ఆమె చూపు గొలుసు మీద పడటానికి కారణముంది. బొమ్మలో కొట్టొచ్చినట్టు కనపడేది అదే. రెట్రోసింథసిస్‌లో మొదట చూడాల్సింది ఫంక్షనల్ గ్రూపులను, వాటి మధ్య దూరాన్ని. ఇక్కడున్నది కార్బొనిల్‌తో జతకట్టిన ద్విబంధం. ఈ జత కనిపించగానే ఆల్డాల్ గుర్తుకు రావాలి.

రెండో కోత: ఆల్డాల్

ద్విబంధాన్ని తెంపి, కార్బొనిల్‌కు దూరంగా ఉన్న కార్బన్ మీద ఆక్సిజన్ పెడితే వలయం విప్పుకుంటుంది. వచ్చేది తిన్నని గొలుసు డైకీటోన్, అన్‌డెకేన్-2,5-డయోన్:

```
CH3-CO-CH2-CH2-CO-CH2-CH2-CH2-CH2-CH2-CH3
```

ఈ కోతను ఆమె వెంటనే పట్టుకుంది. అయితే "బేస్ వేస్తే వలయం మూసుకుంటుంది" అని ఒక్క ముక్కలో వదిలేసింది. ఈ స్థాయిలో అది చాలదు. ఈ డైకీటోన్‌లో ఈనోలేట్ రాగల కార్బన్లు నాలుగున్నాయి: 1, 3, 4, 6. ఒక్కొక్కటి అవతలి కార్బొనిల్ మీద పడితే ఎంత వలయం వస్తుందో లెక్కపెట్టాలి.

3వ కార్బన్ 5వ దాని మీద పడినా, 4వ కార్బన్ 2వ దాని మీద పడినా మూడు కార్బన్ల వలయమే వస్తుంది. అలాంటి ఆల్డాల్ నిలవదు, వెంటనే వెనక్కి విప్పుకుంటుంది. ఇక మిగిలినవి రెండు. 6వ కార్బన్ 2వ దాని మీద పడితే ఐదు కార్బన్ల వలయం మూసుకుని, నీరు పోయాక డైహైడ్రోజాస్మోన్ వస్తుంది. 1వ కార్బన్, అంటే చివరి మిథైల్, 5వ దాని మీద పడినా ఐదు కార్బన్ల వలయమే. కానీ అప్పుడు వచ్చేది 3-హెక్సైల్‌సైక్లోపెంట్-2-ఈనోన్. రెండింటి ఫార్ములా ఒకటే, వలయం సైజు ఒకటే. కాబట్టి వలయం సైజు చూసి తేల్చలేం.

తేల్చేది ఉత్పత్తి స్థిరత్వం. సజల సోడియం హైడ్రాక్సైడ్‌తో ఇథనాల్‌లో మరిగిస్తున్నప్పుడు ఈనోలేట్లు, ఆల్డాల్‌లు అన్నీ ముందుకూ వెనక్కూ మారుతూ ఉంటాయి. చివరికి నిలిచేది ఎక్కువ స్థిరమైన ఈనోన్. డైహైడ్రోజాస్మోన్ ద్విబంధం మీద నాలుగు చోట్లా కార్బన్లే ఉన్నాయి. పోటీదారులో మూడే, నాలుగో చోట హైడ్రోజన్ ఉంది. అందుకే ప్రధానంగా మనకు కావలసిందే వస్తుంది. ఇదే డైకీటోన్‌ను ఎల్‌డీఏతో మైనస్ 78 డిగ్రీల దగ్గర నడిపితే అడ్డంకి తక్కువున్న మిథైల్ ప్రోటాన్ ముందు పోతుంది, కథ తిరగబడుతుంది. బలమైన బేస్ అంటే మంచి బేస్ అని అలవాటుగా అనుకునేవాళ్లు ఈ చోట ఒక నిమిషం ఆగాలి.

ఏది వచ్చిందో ఎలా తెలుస్తుందని ఆమె అడిగింది. ప్రోటాన్ ఎన్‌ఎమ్‌ఆర్‌లో 5.9 పీపీఎం దగ్గర చూస్తే సరిపోతుంది. పోటీదారుకు అక్కడ వినైల్ హైడ్రోజన్ సిగ్నల్ ఉంటుంది. డైహైడ్రోజాస్మోన్‌కు ద్విబంధం మీద హైడ్రోజనే లేదు కాబట్టి అక్కడ ఖాళీ. దానికి బదులు 2 పీపీఎం దాటీ దాటగానే ద్విబంధం మీది మిథైల్ కనిపిస్తుంది. 5.9 దగ్గర చిన్న గుట్ట ఉంటే మిశ్రమం వచ్చిందని అర్థం. ఇంటిగ్రేషన్‌తో ఎంత పాలో కూడా చెప్పొచ్చు.

అసలు చిక్కు: 1,4-డైకీటోన్

ఇక్కడి దాకా వచ్చేవాళ్లు చాలామంది ఉంటారు. ఆగిపోయేది దీని తర్వాతే. అన్‌డెకేన్-2,5-డయోన్‌ను ఎక్కడ కోయాలి? రెండు కార్బొనిల్స్ మధ్య ఉన్నవి మూడు బంధాలు: 2-3, 3-4, 4-5.

ఆమె నడిమధ్య కోసింది, 3-4 బంధం దగ్గర. కోశాక ఒక ముక్క ఆక్టన్-2-ఓన్, రెండోది అసిటోన్ ముక్క. ఆక్టన్-2-ఓన్ మిథైల్ వైపు ఎల్‌డీఏతో ఈనోలేట్ చేసి, దాని మీదకు బ్రోమోఅసిటోన్ పంపాలని రాసింది. ఈనోలేట్ ఏ పక్క వస్తుందో సరిగ్గానే చెప్పింది. కానీ రెండో ముక్క దగ్గర ఒక ప్రశ్న అడగలేదు: ఈ రీజెంట్లు ఎదురుపడితే ముందు జరిగేది ఏమిటి?

కార్బొనిల్ పక్కనుండే కార్బన్‌కు సహజంగా వచ్చేది న్యూక్లియోఫైల్ గుణం. 3-4 బంధం అటూ ఇటూ రెండు కార్బన్లూ కార్బొనిల్స్‌కు పక్కవే. రెండూ న్యూక్లియోఫైల్ కావాలనుకుంటాయి. ఒకదాన్ని బలవంతంగా ఎలక్ట్రోఫైల్‌గా మార్చడానికే మనం బ్రోమిన్ తగిలించాం. ఆ బ్రోమిన్ మరో రెండు పనులు కూడా చేస్తుంది. పక్కనున్న కార్బొనిల్‌ను మరింత ఎలక్ట్రోఫైల్‌గా మారుస్తుంది; తను కూర్చున్న కార్బన్ మీది ప్రోటాన్‌ల ఆమ్లత్వం పెంచుతుంది. కాబట్టి ఎల్‌డీఏతో చేసిన చురుకైన ఈనోలేట్ బ్రోమిన్‌ను తోసేసే బదులు కార్బొనిల్ మీద పడి, ఆ తర్వాత పక్కనే ఉన్న C-Br మీదకు ఆక్సిజన్ తిరిగి ఎపాక్సైడ్ ఇవ్వొచ్చు. లేదా ప్రోటాన్ లాక్కుని తను చల్లారిపోవచ్చు. ఏం జరిగినా మనకు కావలసిన డైకీటోన్ కొద్దిగానే మిగులుతుంది. పైగా బ్రోమోఅసిటోన్ కళ్లు మండించే పదార్థం, మొదటి ప్రపంచ యుద్ధంలో దాన్ని బాష్పవాయువుగా వాడారు.

ఈ దారిని పూర్తిగా కొట్టేయలేదు. ఈనోలేట్‌ను మెత్తబరిస్తే పనిచేస్తుంది. ఆక్టన్-2-ఓన్‌ను డైఇథైల్ కార్బొనేట్‌తో బీటా-కీటో ఎస్టర్‌గా మార్చాలి. మామూలు కీటోన్ పీకేఏ 20 చుట్టుపక్కల ఉంటే దీనిది 11 దగ్గర. బలహీనమైన బేస్ చాలు, వచ్చే ఈనోలేట్ కూడా నెమ్మదస్తురాలు, కార్బన్-బ్రోమిన్ బంధం దగ్గర ప్రత్యామ్నాయ చర్య జరగడానికి వీలుంటుంది. తర్వాత ఎస్టర్‌ను జలవిశ్లేషణ చేసి కార్బన్ డయాక్సైడ్ పోగొట్టాలి. ఆల్డాల్‌తో కలిపి నాలుగు మెట్లు. ఈ సవరణ ఆమే కనుక్కుంది, దానికి మార్కులు ఇచ్చాను. అయితే ప్రారంభ పదార్థాలతో పోలిస్తే దూరం ఎక్కువ.

4-5 బంధం, డైథయేన్

"అయితే పక్క బంధం కోస్తాను" అంది. 4-5 కోస్తే ఒకవైపు మిథైల్ వినైల్ కీటోన్, అంటే ఎంవీకే. అది మైకేల్ గ్రాహకం, ఎలక్ట్రోఫైల్‌గా దాని సహజ స్వభావానికి ఏ అడ్డూ లేదు. మరో వైపు ఏడు కార్బన్ల ముక్క, ఎసైల్ ఆనయాన్. కార్బొనిల్ కార్బన్ మీద రుణావేశం కావాలి. ఆల్డిహైడ్‌లో ఆ కార్బన్ సహజంగా ధనావేశం వైపుండేది. దాన్ని తిరగేయడమే ఉమ్‌పోలుంగ్.

ఉమ్‌పోలుంగ్ అనగానే ఆమెకు గుర్తొచ్చింది 1,3-డైథయేన్. ఏడు కార్బన్ల ఆల్డిహైడ్ హెప్టనాల్‌ను ప్రొపేన్-1,3-డైథయాల్‌తో డైథయేన్ చేసి, బ్యూటైల్‌లిథియంతో ప్రోటాన్ తీసి, ఎంవీకే మీదకు పంపాలి. కోరీ, సీబాక్ చూపించిన పద్ధతి. పాఠ్యపుస్తకాల్లో ఉమ్‌పోలుంగ్‌కు మొదటి ఉదాహరణ ఇదే. జవాబు ఒప్పు అనిపించే చోట దీన్ని ఎందుకు ఆపానో చెప్పాలి.

డైథయేన్ లిథియం సమ్మేళనం హార్డ్ న్యూక్లియోఫైల్. టీహెచ్‌ఎఫ్‌లో మామూలుగా నడిపితే అది ఎంవీకే కార్బొనిల్ మీద నేరుగా పడుతుంది, 1,2-సంకలనం. మనకు కావలసింది ద్విబంధం చివర పడే 1,4-సంకలనం. తప్పు ఉత్పత్తి వస్తే ఇన్‌ఫ్రారెడ్‌లోనే దొరికిపోతుంది: కార్బొనిల్ శోషణ మాయమై 3400 చుట్టుపక్కల వెడల్పాటి OH పట్టీ వస్తుంది, ఎన్‌ఎమ్‌ఆర్‌లో వినైల్ హైడ్రోజన్లు మూడూ అలాగే ఉంటాయి. హెచ్‌ఎంపీఏ కలిపితే 1,4 వైపు మొగ్గే అవకాశం పెరుగుతుంది, కానీ అది క్యాన్సర్ కారకంగా అనుమానించే ద్రావణి. రాగి సమ్మేళనంగా మార్చడం ఇంకో ఉపాయం. బలమైన బేస్ ముందు ఎంవీకే పాలిమర్ అయిపోయే గుణం కూడా ఉంది. చివర్లో డైథయేన్‌ను తీసేయడానికి పాత పద్ధతిలో పాదరసం లవణాలు కావాలి. కోత సరైనదే, సింథాన్ సరైనదే. దానికి ఎంచుకున్న రీజెంట్ ఈ జోడీకి కుదరలేదు. ఈ తేడాను విద్యార్థులు చాలా ఆలస్యంగా గమనిస్తారు. కాగితం మీద C-మైనస్ అని రాసినది సీసాలో ఏ రూపంలో ఉందో దాని ఎంపిక కూడా ఆ రూపాన్ని బట్టే ఉంటుంది.

పనిచేసిన దారి: స్టెట్టర్ చర్య

అదే కోతకు హెప్టనాల్‌నే నేరుగా వాడే మార్గం స్టెట్టర్ చర్య. థయజోలియం లవణం ఉత్ప్రేరకం, ట్రైఇథైల్ అమీన్ బేస్, ఇథనాల్ ద్రావణి. బేస్ థయజోలియం 2వ కార్బన్ ప్రోటాన్‌ను తీస్తుంది. ఆ కార్బన్ హెప్టనాల్ కార్బొనిల్ మీద పడుతుంది. ఆల్డిహైడ్ హైడ్రోజన్ ప్రోటాన్‌గా జరిగాక బ్రెస్లో మధ్యస్థం వస్తుంది. అందులో ఒకప్పటి కార్బొనిల్ కార్బన్ ఇప్పుడు న్యూక్లియోఫైల్. అది ఎంవీకే చివరి కార్బన్‌కు కలుస్తుంది, తర్వాత ఉత్ప్రేరకం విడిపోతుంది. మన శరీరంలో థయమిన్, అంటే విటమిన్ బి1, చేసే పని కూడా ఈ కోవలోదే.

ఆమె అడిగిన ప్రశ్న బాగుంది: "సార్, సయనైడ్ కూడా ఎసైల్ ఆనయాన్ ఇస్తుంది కదా, బెంజాయిన్‌లో లాగా. అది ఎందుకు కాదు?" బెంజాల్డిహైడ్‌కు ఆల్ఫా హైడ్రోజన్ లేదు, హెప్టనాల్‌కు ఉంది. సయనైడ్ బేస్‌గా కూడా పనిచేస్తుంది కాబట్టి కొవ్వు ఆల్డిహైడ్‌లు తమలో తామే ఆల్డాల్ అయిపోతాయి. అందుకే ఆరోమాటిక్ ఆల్డిహైడ్‌లకు సయనైడ్ నడుస్తుంది, ఆలిఫాటిక్ వాటికి థయజోలియం కావాలి. ఇక్కడ మామూలుగా వాడేది 3-బెంజైల్-5-(2-హైడ్రాక్సీఇథైల్)-4-మిథైల్‌థయజోలియం క్లోరైడ్.

జవాబులో లెక్క కూడా రాయించాను. 0.1 మోల్ మేరకు అంటే హెప్టనాల్ 11.4 గ్రాములు, ఎంవీకే 7.0 గ్రాములు, ఉత్ప్రేరకం 10 మోల్ శాతం వేస్తే 2.7 గ్రాములు. నూటికి నూరు వస్తే డైకీటోన్ 18.4 గ్రాములు. మెట్టుకు 70 శాతం అనుకుంటే రెండు మెట్లు కలిపి 49 శాతం, దాదాపు 8 గ్రాముల డైహైడ్రోజాస్మోన్. ఫార్ములాలు కూడితే C7H14O, C4H6O కలిసి C11H20O2. ఆల్డాల్‌లో ఒక్క నీటి అణువు పోయి C11H18O. రెండు మెట్లకు కలిపి అణువులోంచి బయటకు పోయేది నీరొక్కటే. బీటా-కీటో ఎస్టర్ దారిలో ఇథనాల్, కార్బన్ డయాక్సైడ్, బ్రోమైడ్ అన్నీ పారేయాలి.

ఆమె దీన్ని ప్రాజెక్టు ల్యాబ్‌లో నడిపినప్పుడు మొదట ఎంతసేపు వేడి చేసినా టీఎల్‌సీలో ఆల్డిహైడ్ మచ్చ తగ్గలేదు. ఉత్ప్రేరకం చెడిందేమోనని అనుకుంది. చూడాల్సింది హెప్టనాల్ సీసా. తెరిచి చాలాకాలమైన ఆల్డిహైడ్ గాలిలోని ఆక్సిజన్‌తో హెప్టనోయిక్ ఆమ్లంగా మారుతుంది. ఆ ఆమ్లం ట్రైఇథైల్ అమీన్‌ను లవణంగా మార్చి పక్కన కూర్చోబెడుతుంది. ఈథర్‌లో కొంచెం తీసుకుని సోడియం బైకార్బొనేట్ ద్రావణంతో కలిపితే బుడగలు వచ్చాయి, అనుమానం తీరింది. హెప్టనాల్‌ను, ఎంవీకేను రెండింటినీ అప్పటికప్పుడు డిస్టిల్ చేసి, నైట్రోజన్ కింద నడిపితే చర్య సాగింది. ఎంవీకే చాలా విషపూరితం. ఫ్యూమ్ హుడ్ బయట దాన్ని తెరవనివ్వను.

హెప్టనాల్ మన దగ్గరి సరుకే. ఆముదంలోని రిసినోలిక్ ఆమ్లపు ఎస్టర్‌ను బాగా వేడి చేసి విరగ్గొడితే హెప్టనాల్, అన్‌డెసిలెనిక్ ఆమ్లపు ఎస్టర్ వస్తాయి. మహబూబ్‌నగర్, నల్గొండ పొలాల్లో పండే ఆముదపు గింజల నుంచి మల్లె వాసన కీటోన్ దాకా వెళ్లే బాణాలను ఆమె జవాబు పత్రం అంచున రాసింది. ప్రారంభ పదార్థం ఎక్కడి నుంచి వస్తుందో రాయడం అలవాటైతే, దొరకని రీజెంట్‌తో దారి వేసే బుద్ధి తగ్గుతుంది.

ఇంకో చూపు: ఫ్యూరాన్

ఇదే డైకీటోన్‌ను అసలు కోయకుండా చూసే పద్ధతి కూడా ఉంది. 1,4-డైకీటోన్‌ను ఆమ్లంతో నీరు తీసేస్తే ఫ్యూరాన్ వస్తుంది కదా, దాన్ని వెనక్కి చదవాలి. అప్పుడు అన్‌డెకేన్-2,5-డయోన్ అంటే 2-హెక్సైల్-5-మిథైల్‌ఫ్యూరాన్. 2-మిథైల్‌ఫ్యూరాన్‌ను బ్యూటైల్‌లిథియంతో 5వ స్థానంలో లిథియేట్ చేసి 1-బ్రోమోహెక్సేన్ వేస్తే అది తయారు. తర్వాత ఎసిటిక్ ఆమ్లంలో సజల సల్ఫ్యూరిక్ ఆమ్లంతో వేడి చేసి వలయం విప్పాలి. ధ్రువత చిక్కే లేదు. రెండు కార్బొనిల్స్ సరైన దూరంలో ముందే అమర్చి ఉన్నాయి. 1966లో బ్యూకీ, వ్యుయెస్ట్ సిస్-జాస్మోన్‌ను ఈ ఆలోచనతోనే చేశారు.

డైహైడ్రోజాస్మోన్ వరకైతే నేను స్టెట్టర్‌కే ఓటేస్తాను: మెట్టు ఒకటి తక్కువ, బ్యూటైల్‌లిథియం అవసరం లేదు. సిస్-జాస్మోన్ అడిగితే ఏం మారుతుందని ఆమెకు తర్వాతి ప్రశ్నగా ఇచ్చాను. స్టెట్టర్‌కు సిస్-హెప్ట్-4-ఈనాల్ కావాలి. ఫ్యూరాన్ దారికి సిస్-3-హెక్సెనైల్ బ్రోమైడ్ చాలు. ఆ బ్రోమైడ్ వచ్చేది సిస్-3-హెక్సెనాల్ నుంచి, అంటే కోసిన గడ్డి వాసన వేసే ఆల్కహాల్ నుంచి. ఆమె ఫ్యూరాన్‌నే ఎంచుకుంది. ఈసారి బాణం గీసి ఊరుకోలేదు; బ్రోమైడ్ పక్కన "ఫ్యూరైల్‌లిథియం బేస్ కూడా; HBr పోతే హెక్సా-1,3-డైఈన్ వస్తుంది, తక్కువ ఉష్ణోగ్రతలో కలపాలి" అనీ, ఆమ్లం మెట్టు పక్కన "సిస్ ద్విబంధం ట్రాన్స్ అయిందేమో జీసీలో చూడాలి" అనీ రాసింది.